పైన కాగితం.. లోన ప్లాస్టిక్!

పప్పుచెక్కలో జంతికలో కొన్నప్పుడు ఇచ్చిన గోధుమరంగు కాగితం పౌచ్ ఇంట్లో ఉంటే, ఖాళీ అయ్యాక దాన్ని ఒక రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. పొద్దున వేళ్లతో రుద్దితే పైనున్న కాగితం గుజ్జుగుజ్జుగా ఊడివస్తుంది. అక్కడక్కడా నార అంటుకునే ఉన్నా, కింద వెండిలా మెరిసే పొర ఒకటి చెక్కుచెదరకుండా మిగులుతుంది. జిప్పు, అడుగు మడత, పక్క అతుకులతో సహా పౌచ్ ఆకారం మొత్తం దానిదే. ఆ పొర ప్లాస్టిక్.

ఇలాంటి పౌచ్‌ల మీదే ఎక్కువగా ఆకుపచ్చ ఆకు బొమ్మ కనిపిస్తుంది. దాని పక్కన ‘ఎకో ఫ్రెండ్లీ ప్యాక్’, ‘భూమికి మేలు’, ఒక్కోసారి ‘100% బయోడీగ్రేడబుల్’ అని కూడా ఉంటుంది. వీటిని అచ్చు వేయించిన వాళ్లందరూ మోసం చేయాలని వేయించలేదు. ఇంట్లో పిండివంటలు చేసి అమ్మే మహిళలు, చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేసే స్వయం సహాయక బృందాలు, ఊరి పేరు మీద పచ్చళ్ల బ్రాండు పెట్టిన కుర్రాళ్లు మామూలు ప్లాస్టిక్ కవరు మానేసి, కాస్త ఎక్కువ ధర పెట్టి మరీ ఈ పౌచ్ కొన్నారు. మంచి పనే చేశామనుకున్నారు, ఆ మాట కొనేవాళ్లకు చెప్పాలనుకున్నారు. చెప్పాల్సిందే కూడా. అయితే ఏ మాట చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్న దగ్గరే తప్పు జరుగుతోంది. దాన్ని ఒక్క పౌచ్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

తూకం వేస్తే తేలింది

రాజమహేంద్రవరంలో ఒకావిడ పప్పుచెక్కలు చేసి పావుకిలో ప్యాకెట్లుగా అమ్ముతున్నారనుకుందాం. మొన్నటిదాకా మామూలు ప్లాస్టిక్ పౌచ్ వాడారు. ఇప్పుడు క్రాఫ్ట్ పేపర్ పౌచ్‌కి మారదామని డీలరు దగ్గరికి వెళ్లారు. “ఇది మొత్తం పేపరేనాండీ?” అని అడిగితే, “పూర్తిగా ఎకో ఫ్రెండ్లీ మేడమ్, అందరూ ఇదే తీసుకుంటున్నారు” అన్నాడాయన. అది అడిగిన ప్రశ్నకు సమాధానం కాదు. ఆవిడ అడగాల్సింది స్పెసిఫికేషన్ షీటు. పౌచ్‌లో ఎన్ని పొరలున్నాయి, ఒక్కో పొర దేనితో చేసింది, ఎంత మందం అన్నది తయారుచేసిన కంపెనీ రాసిచ్చే కాగితం అది. పౌచ్ కంపెనీ దగ్గర ఆ లెక్క తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే ఆ పొరల లెక్క ప్రకారమే అది పౌచ్ చేస్తుంది.

ఈ రకం పౌచ్‌లో సాధారణంగా మూడు పొరలుంటాయి. మన లెక్క కోసం బయట 70 జీఎస్ఎం క్రాఫ్ట్ కాగితం, అంటే చదరపు మీటరుకు 70 గ్రాములు తూగేది అనుకుందాం. మధ్యలో మెటలైజ్డ్ పెట్, అంటే పలుచని అల్యూమినియం పూత ఉన్న పాలిస్టర్ ఫిల్మ్, 12 మైక్రాన్లు. లోపల తిండి తగిలే వైపు 50 మైక్రాన్ల పాలిథీన్. మైక్రాన్లను గ్రాముల్లోకి మార్చడం తేలిక. పెట్ సాంద్రత దాదాపు 1.4, పాలిథీన్‌ది దాదాపు 0.92. మందాన్ని సాంద్రతతో గుణిస్తే చదరపు మీటరుకు బరువు వస్తుంది. పెట్ 16.8 గ్రాములు, పాలిథీన్ 46 గ్రాములు, రెండూ కలిపి 62.8 గ్రాముల ప్లాస్టిక్.

పావుకిలో చెక్కలు పట్టే పౌచ్‌ను విప్పి పరిస్తే సుమారు 780 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, అందులో కాగితం ఐదున్నర గ్రాములు, ప్లాస్టిక్ ఫిల్మ్ 4.9 గ్రాములు. పై జిప్పు కూడా ప్లాస్టిక్కే. అది ఒక గ్రాము తూగిందంటే ప్లాస్టిక్ మొత్తం 5.9 గ్రాములు. అంటే చూడటానికి కాగితం సంచిలా కనిపించే ఈ పౌచ్‌లో కాగితం కంటే ప్లాస్టిక్కే ఎక్కువ. జిగురు, సిరా ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ప్లాస్టిక్ ఊరికే లేదని కూడా చెప్పాలి. నూనెలో వేగిన చెక్కలకు గాలి, తేమ, వెలుతురు తగిలితే మెత్తబడతాయి, పాత నూనె వాసన వస్తుంది. గోదావరి జిల్లాల ఉక్కపోతలో ఉత్త కాగితం పొట్లంలో నెలరోజులు నిలవవు. పాడై పారబోసిన తిండి వల్ల జరిగే నష్టం ఆ ఆరు గ్రాముల ప్లాస్టిక్ వల్ల జరిగేదానికన్నా ఎక్కువే కావచ్చు. కాబట్టి లోపలి పొర ఉండటం నేరం కాదు. ఉన్న పొరను లేనట్టు చూపించడమే తప్పు.

రేపరు కూడా ప్రకటనే

‘టీవీలో ప్రకటన ఇవ్వలేదు, పేపర్లో వేయలేదు, ప్యాకెట్ మీద ఒక్క ముక్క రాసుకున్నాం, అదీ నేరమేనా’ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘ప్రకటన’ అంటే ఏమిటో చెప్పేచోట లేబుల్, రేపరు, ఇన్‌వాయిస్‌లను కూడా పేరుపేరునా చేర్చింది. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ వేసిన రోజే ప్రకటన ఇచ్చినట్టు. ఆ చట్టం కింద పనిచేసే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనను ఆపించవచ్చు, మార్పించవచ్చు. తయారీదారుకు పది లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

పర్యావరణం పేరు చెప్పి అమ్మడం మీద ఆ సంస్థే 2024 అక్టోబరులో ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. వాటి సారం ఒక చిన్న వ్యాపారికి కావలసినంత వరకు ఇది: ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘సస్టెయినబుల్’, ‘నేచురల్’, ‘భూమికి మంచిది’ లాంటి గంపగుత్త మాటలు ఊరికే వాడకూడదు. వాడితే దేని గురించి అంటున్నారో, ఎంతవరకో, రుజువేమిటో కొనేవాడికి అందుబాటులో ఉండాలి. వివరాలు ప్యాకెట్ మీద పట్టకపోతే క్యూఆర్ కోడ్‌తోనో వెబ్ చిరునామాతోనో ఇవ్వవచ్చు. ‘కంపోస్టబుల్’, ‘రీసైక్లబుల్’, ‘ప్లాస్టిక్ ఫ్రీ’ లాంటి నిర్దిష్టమైన మాటలకు నమ్మదగిన ధ్రువీకరణో శాస్త్రీయ ఆధారమో ఉండాలి. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ ఆస్కీ కూడా 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు ఇలాంటి నియమాలే అమలు చేస్తోంది.

కొన్నవాళ్లకు అనుమానం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అప్పుడు సమాధానం చెప్పుకోవాల్సింది ప్యాకెట్ మీద ఎవరి పేరుందో వాళ్లు. డీలరు నోటిమాట అక్కడ రుజువుగా నిలవదు.

సియోల్‌లో ఒక సీసా

మన పౌచ్‌కి అచ్చంగా సరిపోయే ఉదంతం దక్షిణ కొరియాలో జరిగింది. ఇనిస్‌ఫ్రీ అనే సౌందర్య సాధనాల సంస్థ తన గ్రీన్ టీ సీరమ్‌ను కొత్త సీసాలో తెచ్చింది. సీసా మీద ‘హలో, నేను పేపర్ బాటిల్‌ని’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట పెద్దగా అచ్చు వేసింది. 2021లో ఒక కొనుగోలుదారు అయిపోయిన సీసాను కోసి చూస్తే కాగితం తొడుగు లోపల ప్లాస్టిక్ సీసా బయటపడింది. ఆ ఫొటో సామాజిక మాధ్యమాల్లో తిరిగింది, సంస్థ క్షమాపణ చెప్పుకుంది.

ఇందులో బాధ కలిగించే విషయం వేరే ఉంది. ఆ సీసాలో సంస్థ నిజంగానే ప్లాస్టిక్‌ను సగానికి సగం తగ్గించింది. కాగితం, ప్లాస్టిక్ విడదీసి పారేయవచ్చని వివరం కూడా ఇచ్చింది. ‘ఈ సీసాలో ప్లాస్టిక్ సగానికి తగ్గించాం’ అని ముందు వైపు రాసి ఉంటే గర్వంగా చెప్పుకోగల పని అది. పెద్ద అక్షరాల్లో ‘పేపర్ బాటిల్’ అనేసరికి, చేసిన మంచి పని కూడా అబద్ధం కింద జమ అయిపోయింది.

ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఒకటి, వెనక వైపు చిన్న అక్షరాల్లో ఇంకొకటి అంటే కోర్టులు ఊరుకోవని ఆస్ట్రేలియా తీర్పు ఒకటి చెప్పింది. అక్కడ గ్లాడ్ బ్రాండు చెత్త సంచుల మీద ‘50 శాతం ఓషన్ ప్లాస్టిక్’ అని, నీలి రంగుతో, అలల బొమ్మతో వేశారు. నిజానికి ఆ ప్లాస్టిక్ సముద్రంలోంచి తీసింది కాదు. ఇండోనేషియాలో తీరానికి 50 కిలోమీటర్ల లోపు ఊళ్లలో సేకరించింది. ‘సముద్రంలోకి వెళ్లే ప్రమాదం ఉన్న ప్లాస్టిక్’ అన్న అర్థం వచ్చే మాట ప్యాకెట్ వెనక ఉంది కూడా. అయినా 2025 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ సంచులు అమ్మిన క్లోరాక్స్ ఆస్ట్రేలియాకు 82.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. బొమ్మ, రంగు కూడా మాట్లాడతాయని ఇక్కడ గమనించాలి. మన పౌచ్ మీది ఆకు బొమ్మ సంగతీ అంతే. పక్కన ఒక్క అక్షరం లేకపోయినా, ‘ఇది చెట్టు నుంచి వచ్చింది, మట్టిలో కలిసిపోతుంది’ అని అది చెప్పేస్తుంది.

కొట్టేయాల్సిన మాటలు

రాజమహేంద్రవరం ఆవిడ లేబుల్ చిత్తుప్రతిలో నాలుగు మాటలున్నాయనుకుందాం. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘బయోడీగ్రేడబుల్’, ‘రీసైక్లబుల్’, ‘బీపీఏ ఫ్రీ’.

చివరిది ముందు తీసేద్దాం. పాలిథీన్‌లో, పెట్‌లో బీపీఏ ఉండదు. మొన్న వాడిన పౌచ్‌లోనూ లేదు, పక్క కొట్టు పౌచ్‌లోనూ లేదు. ఎవరిలోనూ లేనిదాన్ని ‘మాలో లేదు’ అని చెబితే వేరేవాళ్లలో ఉందన్న భ్రమ కలుగుతుంది. మాట నిజమే అయినా తప్పుదోవ పట్టించేదే.

‘రీసైక్లబుల్’ అన్నదాన్ని పాత సామాన్ల కొట్టు దగ్గరే తేల్చుకోవచ్చు. కాగితం, ప్లాస్టిక్ అతికి ఉన్న పౌచ్‌ను కాగితం కింద కొంటారా, ప్లాస్టిక్ కింద కొంటారా అని అడగండి. సాధారణంగా రెండిటి కిందా కొనరు. కాగితం మిల్లు గుజ్జు తొట్టిలో వేస్తే ఫిల్మ్ విడిగా తేలి చెత్తగా మిగులుతుంది. ప్లాస్టిక్ కరిగించేవాడికి కాగితం నార అడ్డం, పైగా పెట్, పాలిథీన్ రెండూ ఒకే వేడిలో కరగవు. ఊళ్లో పొడి చెత్త సరిగ్గా వేరుచేస్తే ఇలాంటివి ఎక్కువగా సిమెంటు బట్టీలకు ఇంధనంగా వెళతాయి, లేకపోతే డంపింగ్ యార్డుకు. ప్రయోగశాలలో విడదీయడం సాధ్యమే కావచ్చు గానీ, కొన్న మనిషికి తన ఊళ్లో ఇచ్చే చోటు లేనప్పుడు ఆ మాట ప్యాకెట్ మీద ఉండకూడదు. పౌచ్ అడుగున త్రికోణం బాణాల మధ్య 7 అంకె ఉంటే దాన్ని చూసి కూడా పొరబడవద్దు. అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తు, 7 అంటే ‘ఇతరాలు’. తిరిగి వాడతారన్న హామీ అందులో లేదు.

‘బయోడీగ్రేడబుల్’ అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2024 మార్చిలో చేసిన సవరణ ఈ మాటకు గట్టి అర్థం ఇచ్చింది. నేల లాంటి చోట, సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కూడా మిగలకుండా జీవప్రక్రియతో కలిసిపోయేదే బయోడీగ్రేడబుల్ ప్లాస్టిక్. పై కాగితం కుళ్లి, లోపలి ఫిల్మ్ మిగిలే పౌచ్ ఆ అర్థానికి దరిదాపుల్లోకి రాదు.

అయితే ‘లోపల కంపోస్టబుల్ ఫిల్మ్ వేసిన పౌచ్ తెచ్చుకుంటాం’ అని కొందరు అంటారు. మంచిదే, కానీ దాని షరతులు తెలుసుకుని చెప్పాలి. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు మన దగ్గర ప్రమాణం ఐఎస్/ఐఎస్ఓ 17088. దాని పరీక్షలో సుమారు 58 డిగ్రీల వేడిలో కంపోస్టులో ఉంచుతారు. 12 వారాల తర్వాత రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన పదో వంతుకు మించి మిగలకూడదు, ఆరు నెలల్లో 90 శాతం జీర్ణమవ్వాలి. ఆ 58 డిగ్రీలు పెద్ద కంపోస్టు యార్డుల్లో లోపల పుట్టే వేడి. మిద్దె మీద కుండీలో, పెరట్లో గుంటలో అంత వేడి నిలవదు. అందుకే పరీక్షలో నెగ్గిన ఫిల్మే ఇంటి కుండీలో ఏడాది తర్వాత కూడా దాదాపు అలాగే కనబడవచ్చు. అది చూసిన కొనుగోలుదారు మోసపోయామనుకుంటే తప్పు వాళ్లది కాదు. ‘పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలో మాత్రమే’ అన్న మాట ‘కంపోస్టబుల్’ పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. కంపోస్టబుల్ ప్లాస్టిక్ తయారుచేసేవాళ్లు మార్కెట్లోకి తెచ్చే ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తీసుకోవాలి. డీలరు చూపించే పత్రం మీద ఉన్న కంపెనీ పేరు, మీకు ఇచ్చే పౌచ్ తయారు చేసిన కంపెనీ పేరు ఒకటేనా అన్నది చూసుకోవాలి. పత్రం ఫిల్మ్‌కే ఉండి జిప్పుకు, జిగురుకు లేకపోతే పౌచ్ మొత్తాన్ని కంపోస్టబుల్ అనలేం.

ఇక మిగిలింది ‘ఎకో ఫ్రెండ్లీ’. దాన్ని సమర్థించాలంటే కాగితం గుజ్జు తయారీ నుంచి పారేసేదాకా మొత్తం లెక్క చూపాలి. పప్పుచెక్కల వ్యాపారానికి అంత ఖర్చు అవసరం లేదు. కొట్టేస్తే సరిపోతుంది.

చెప్పగలిగిన ఒక్క నిజం

నాలుగూ పోతే చెప్పడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ, ఉంది. పాత పౌచ్‌లో 12 మైక్రాన్ల పెట్, 75 మైక్రాన్ల పాలిథీన్ ఉండేవనుకుందాం. ఇదే కొలతకు ఆ ఫిల్మ్ 6.7 గ్రాములు తూగుతుంది. కొత్త పౌచ్‌లో ఫిల్మ్ 4.9 గ్రాములు. 27 శాతం తగ్గింది. ఆ అంకె చూడగానే అచ్చుకు పంపాలనిపిస్తుంది. కానీ జిప్పు రెండిటిలోనూ ఉంది. దాన్ని కలిపితే 7.7 గ్రాముల నుంచి 5.9కి తగ్గినట్టు, అంటే 23 శాతం. ఫిల్మ్ మందం కూడా ఒక్కో లాటుకు కొంచెం అటూఇటూ అవుతుంది. అందుకే రెండు మూడు లాట్ల నుంచి తలా పది పౌచ్‌లు తీసి, కాగితం నానబెట్టి తీసేసి, బాగా ఆరబెట్టి, బంగారం తూచేలాంటి చిన్న త్రాసు మీద ఒక్కొక్కటీ తూచాలి. పాత పౌచ్‌లనూ అలాగే తూచాలి. వచ్చిన వాటిలో తగ్గుదల అన్నింటికన్నా తక్కువగా ఉన్న లాటును పట్టుకుని, దానికి మించకుండా చెప్పాలి. ఆ లాటులో 20 శాతం వస్తే 20 అనే రాయాలి. నా దృష్టిలో లెక్క కంటే తగ్గించి చెప్పిన అంకెకు ఉన్న బలం వేరు. ఎవరు తూచి చూసినా అది నిలబడుతుంది.

ఇంకో సంగతి దాచకూడదు. కొత్త పౌచ్‌లో ప్లాస్టిక్ తగ్గింది గానీ, కాగితం చేరడంతో పౌచ్ మొత్తం బరువు 7.7 గ్రాముల నుంచి 11.4 గ్రాములకు పెరిగింది. కాబట్టి ‘ప్యాకింగ్ తగ్గించాం’ అన్నా, ‘కార్బన్ తగ్గించాం’ అన్నా అబద్ధమయ్యే అవకాశం ఉంది. తగ్గింది ప్లాస్టిక్ ఒక్కటే, ఆ మాటే చెప్పాలి. దేనితో పోల్చారో కూడా చెప్పాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన మార్గదర్శకాల్లో ఇలాంటి ఉదాహరణే ఇచ్చింది. తివాచీలో రీసైకిల్ చేసిన నార 2 శాతం నుంచి 3 శాతానికి పెంచి, ‘మునుపటికన్నా 50 శాతం ఎక్కువ’ అని రాస్తే, లెక్క సరైనదే అయినా కొనేవాళ్లకు అందే భావం తప్పు.

ఇన్ని కొట్టివేతల తర్వాత ఆవిడ ప్యాకెట్ మీద ఉండదగిన మాట ఇది:

“ఈ పౌచ్‌లో ప్లాస్టిక్, మేం 2024లో వాడిన పావుకిలో పౌచ్‌తో పోలిస్తే 20% తక్కువ. బయట కాగితం, లోపల ప్లాస్టిక్. కంపోస్టులో వేయకండి, పొడి చెత్తలో వేయండి. మా లెక్క చూడాలంటే కోడ్ స్కాన్ చేయండి.”

ఈ నాలుగు వాక్యాలూ ఒకే చోట, ఒకే సైజులో ఉండాలి. ‘20% తక్కువ’ ముందు వైపు, ‘లోపల ప్లాస్టిక్’ వెనక వైపు పెడితే గ్లాడ్ సంచుల కథే మళ్లీ. ఆకు బొమ్మ అక్కర్లేదు. కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే పేజీలో పొరల పట్టిక, పాత కొత్త పౌచ్‌ల తూకం, తూచిన తేదీ ఉంటే చాలు. ‘మైక్రాన్’, ‘జీఎస్ఎం’ లాంటి మాటలు అక్కడ వాడితే వాటి అర్థం కూడా తెలుగులో ఒక్క ముక్క రాయాలి.

కొనేవాళ్లు ఈ మాట చూసి మొహం చాటేస్తారేమో, ‘లోపల ప్లాస్టిక్’ అని మనమే చెప్పుకోవడం ఏమిటి అన్న భయం సహజం. కానీ పౌచ్ విప్పిన ప్రతి ఇంట్లో ఆ మెరిసే పొర ఎలాగూ కనిపిస్తుంది. మనం ముందే చెబితే అది సమాచారం. వాళ్లంతట వాళ్లు కనిపెడితే ఫిర్యాదు.

ఫైలు, స్టిక్కరు

ఒక ప్లాస్టిక్ ఫోల్డరు చాలు. అందులో పౌచ్ కంపెనీ సంతకం చేసిన స్పెసిఫికేషన్ షీటు, కొన్న బిల్లులు, తూకాల పట్టిక, ఆ తూకాల ఫొటోలు, పాత పౌచ్‌లు రెండు, కొత్తవి రెండు పెట్టుకోవాలి. ఫిర్యాదు వస్తే వెతుక్కోకుండా అదే రోజు జవాబు ఇవ్వవచ్చు. ఎవరైనా ఫోన్ చేసి “ఇందులో ప్లాస్టిక్ ఉందటగా అండీ?” అంటే, “ఉందండీ, ఆరు గ్రాములు. మునుపు దాదాపు ఎనిమిది ఉండేది. ఫొటోలు పంపిస్తాను” అని చెప్పగలగాలి.

మొదట్లోనే పౌచ్ మీద నేరుగా అచ్చు వేయించవద్దని నా సలహా. రంగుకో సిలిండరు చేయించి, వేల సంఖ్యలో పౌచ్‌లు కొట్టించాక డీలరు చెప్పాపెట్టకుండా లోపలి ఫిల్మ్ 50 నుంచి 60 మైక్రాన్లకు మార్చాడనుకోండి. 20 శాతం కాస్తా 11 శాతం దగ్గరికి పడిపోతుంది, పౌచ్ మీద మాట మాత్రం అలాగే ఉంటుంది. అచ్చులేని పౌచ్ కొని, ఆ మాటను స్టిక్కరుగా అంటిస్తే ఏ లాటుకు ఆ లాటు సరిచూసి మార్చుకోవచ్చు. ఆర్డరు ఇచ్చేటప్పుడే “పొరలు మారిస్తే ముందుగా రాసి చెప్పాలి” అని కొనుగోలు పత్రంలో ఒక వాక్యం చేర్చాలి. లాటు వచ్చిన రోజే ఒక పౌచ్ నానబెట్టి తూచాలి.

ఇప్పటికే ఆకు బొమ్మతో, ‘100% బయోడీగ్రేడబుల్’ అని అచ్చయిన పౌచ్‌లు గోదాములో ఉన్నవాళ్లు వాటిని తగలబెట్టడమో పారేయడమో చేయనక్కర్లేదు. ఆ మాటను, ఆ బొమ్మను రెండిటినీ పూర్తిగా కప్పేంత పెద్ద స్టిక్కరు చేయించి, దాని మీద తూకంలో తేలిన నిజం రాసి అంటించి, ఆ స్టాకు అయిపోయేదాకా అమ్ముకోవచ్చు. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో పెట్టిన పాత ఫొటోలు, పాత వివరణలు కూడా అదే రోజు మార్చాలి. స్టిక్కరు అంటించిన ప్యాకెట్ ఇంటికి వచ్చినా, ఫోను తెరలో ఆకు బొమ్మ చూసి ఆర్డరు ఇచ్చినవాళ్లు ఆ బొమ్మను నమ్మే కొన్నారు.